మందుల చీటీ చదవడం – 6వ పాఠం: సిల్డెనాఫిల్, నైట్రేట్ ఒకే ఒంట్లో కలిస్తే

పోయిన పాఠం చివర గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడే మనిషి చీటీ ఒకటి ఇచ్చి, ఈ మనిషి అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ వేసుకోవచ్చా అని అడిగాను. మీ జవాబులు చదివాక ఈసారి చెప్పాలనుకున్న కిడ్నీ మందుల పాఠాన్ని వెనక్కి జరిపాను. "వేసుకోవచ్చు, కాకపోతే రెండు మందుల మధ్య తగినంత ఎడం ఉండాలి" అని సగానికి పైగా రాశారు. ఆ జవాబును నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మళ్ళీ అదే చీటీతో మొదలుపెడదాం.

58 ఏళ్ళ మగమనిషి. ఉదయం 8 గంటలకు ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 30 మిల్లీగ్రాములు, మెల్లగా కరిగే రకం. దాంతోపాటు మెటోప్రొలాల్, ఆస్పిరిన్. రాత్రి అటార్వాస్టాటిన్. ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి ఐసోసార్బైడ్ డైనైట్రేట్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఎప్పుడూ జేబులో ఉంటుంది. చాలామంది సార్బిట్రేట్ అని పిలిచేది దాన్నే. రాత్రి 9.30కి స్నేహితుడు ఇచ్చిన సిల్డెనాఫిల్ 50 వేసుకుందామని చూస్తున్నాడు.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. "పేరులో నైట్ర్ అనే ముక్క కనిపిస్తే ఆగండి" అని నేను చెప్పిన సూత్రం చాలలేదు. కొందరు మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్‌ని, నిద్రకి ఇచ్చే నైట్రజిపామ్‌ని నైట్రేట్ల కింద కట్టేశారు. ఆ రెండూ ఈ కోవలోవి కావు. అసలు పట్టుకోవాల్సిన నికోరాండిల్‌ని మాత్రం దాదాపు అందరూ వదిలేశారు. దాని పేరులో ఆ ముక్క లేదు గానీ నిర్మాణంలో నైట్రేట్ ఉంది, పనీ అలాగే చేస్తుంది. కాబట్టి సూత్రం వదిలి, ఈ నాలుగు పేర్లు నోటికి వచ్చేలా నేర్చుకోండి: గ్లిసరిల్ ట్రైనైట్రేట్ (నైట్రోగ్లిజరిన్ అన్నా ఇదే), ఐసోసార్బైడ్ డైనైట్రేట్, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నికోరాండిల్. మాత్ర ఒక్కటే కాదు, నోట్లో కొట్టుకునే స్ప్రే, ఛాతీకి అంటించే ప్యాచ్, మలద్వారం దగ్గర చీలికకి రాసే గ్లిసరిల్ ట్రైనైట్రేట్ ఆయింట్‌మెంట్ కూడా లెక్కలోకి వస్తాయి. చర్మం మీద రాసిందైనా రక్తంలోకి చేరుతుంది. మత్తు కోసం పీల్చే అమైల్ నైట్రైట్ కూడా ఇదే ప్రమాదం తెస్తుంది. నేనైతే స్ట్రిప్ మీద పెద్దక్షరాల బ్రాండ్ పేరు చూడనే చూడను, దాని కింద చిన్నగా వేసిన మందు పేరే చదువుతాను. మీరూ అలాగే అలవాటు చేసుకోండి.

ఇక లోపల జరిగేది. రక్తనాళం గోడలోని కండరంలో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం ఉంటుంది. అది ఎంత పెరిగితే కండరం అంత వదులవుతుంది, నాళం అంత వెడల్పవుతుంది. దాన్ని ఒక తొట్టిలో నీళ్ళనుకోండి. నైట్రేట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి, ఆ తొట్టిలోకి నీళ్ళొచ్చే కుళాయి తిప్పుతుంది. నీళ్ళు బయటికి పోయే తూము పీడీఈ5 అనే ఎంజైమ్. సిల్డెనాఫిల్ ఆ తూముని మూస్తుంది. నైట్రేట్ ఒక్కటే వేసుకుంటే తూము తెరిచే ఉంటుంది గనక నీరు ఒక మట్టంలో నిలుస్తుంది. సిల్డెనాఫిల్ ఒక్కటే వేసుకుంటే వచ్చే నీరే తక్కువ. బీపీ కొద్దిగా, సగటున పైది 8, కిందిది 5 దాకా తగ్గుతుంది, అంతే. రెండూ కలిస్తే కుళాయి బార్లా తెరిచి, తూముకి బిరడా కొట్టినట్టు. ఒళ్ళంతా నాళాలు ఒక్కసారిగా వదులైపోతాయి. విచిత్రమేమిటంటే సిల్డెనాఫిల్‌ని మొదట పరీక్షించింది గుండెనొప్పి మందుగానే. 1998లో అంగస్తంభనకు అనుమతి పొందింది. నైట్రిక్ ఆక్సైడ్ నాళాల్ని ఎలా వదులు చేస్తుందో కనుక్కున్న ముగ్గురికి నోబెల్ వచ్చిందీ అదే ఏడాది.

ఇప్పుడు ఆ "ఎడం" దగ్గరికి వద్దాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది, అందుకే తీరిగ్గా చెబుతాను.

సిల్డెనాఫిల్‌కి 24 గంటలు, అదే కోవలోని తడలాఫిల్‌కి 48 గంటలు ఎడం ఉండాలని ఇంతకుముందు నేను చెప్పిన మాట నిజమే. ఆ అంకె ఎవరి కోసమో చెప్పకపోవడం నా తప్పు. అది ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు కోసం. సిల్డెనాఫిల్ వేసుకున్న మనిషి ఛాతీనొప్పితో వస్తే, అతనికి కనీసం 24 గంటలు గడిచేదాకా నైట్రేట్ ఇవ్వకూడదు. ఆ తర్వాతైనా అవసరమైతే బీపీ చూసుకుంటూ ఇవ్వాలి. లెక్క ఇలా వచ్చింది: సిల్డెనాఫిల్ రక్తంలో దాదాపు 4 గంటలకు సగమవుతుంది. "నాలుగు గంటల్లో పోతుంది" అని రాసినవారు ఇక్కడే పొరబడ్డారు. 4 గంటలకు సగం, 8కి పావు, 12కి ఎనిమిదో వంతు, 24 గంటలకు అరవైనాలుగో వంతు. తడలాఫిల్ సగం కావడానికే 17 గంటలకు పైగా పడుతుంది, అందుకే రెండు రోజులు. వృద్ధుల్లో, లివర్ దెబ్బతిన్నవారిలో, హెచ్‌ఐవీకి ఇచ్చే రిటోనావిర్ లాంటి మందులు వాడేవారిలో ఇది ఇంకా ఆలస్యమవుతుంది.

రోజూ నైట్రేట్ వాడే మనిషికి ఈ లెక్క ఎందుకూ పనికిరాదు. అతనికి నైట్రేట్ లేని రోజంటూ ఉండదు కదా. ఒకరు కాస్త లోతుగానే ఆలోచించి, "మోనోనైట్రేట్‌ని ఉదయమే ఇచ్చేది రాత్రికి ఒంట్లో తగ్గాలనే కదా, అప్పుడు వేసుకుంటే ఏం?" అని అడిగారు. రాత్రి తగ్గాలన్నది నిజమే. నైట్రేట్ ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంటే ఒళ్ళు దానికి అలవాటుపడి మందు పనిచేయడం మానేస్తుంది, అందుకని ఆ విరామం ఇస్తారు. తగ్గడం వేరు, లేకపోవడం వేరు. సిల్డెనాఫిల్‌కి చోటివ్వడానికి పెట్టిన విరామం కాదది. పైగా రేపు ఉదయం 8కి మళ్ళీ మాత్ర వేసుకోవాలి. రాత్రి 9.30కి వేసుకున్న సిల్డెనాఫిల్‌లో అప్పటికి ఆరో వంతు దాకా మిగిలే ఉంటుంది. "అయితే ఒకరోజు నైట్రేట్ మానేస్తాను" అన్న జవాబు మరీ ప్రమాదం. గుండెకి రక్షణ తీసేసి, ఆ రోజే గుండెకి శ్రమ పెంచడం అది.

అన్నిటికంటే పెద్ద చిక్కు జేబులోని మాత్ర. మన 58 ఏళ్ళ మనిషి రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. 9.30కి సిల్డెనాఫిల్ వేసుకున్నాడు. సుమారు గంటకి మందు రక్తంలో గరిష్ఠానికి చేరింది. 10.40కి శ్రమ వల్ల ఛాతీలో బిగుతు. ఏళ్ళుగా చేసిన అలవాటు, చెయ్యి జేబులోకి పోయింది, మాత్ర నాలుక కిందికి చేరింది. అయిదు నిమిషాల్లో ముఖం పాలిపోయింది, చెమట పట్టింది, కళ్ళు తిరిగాయి. 130/80 ఉండే బీపీ పైది 70 దగ్గరికి జారిందనుకుందాం. మామూలుగా బీపీ పడితే గుండె వేగం పెంచి సర్దుకోవాలని చూస్తుంది, మెటోప్రొలాల్ ఆ వేగానికి పగ్గం వేస్తుంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె ఒకసారి కొట్టుకోవడానికీ మరోసారి కొట్టుకోవడానికీ మధ్య, కింది బీపీ తోపుతో. ఆ తోపు పోయింది. పూడుకుపోతున్న నాళం వెనకున్న కండరానికి రక్తం అందదు. నొప్పి తగ్గకపోగా పెరిగింది. నొప్పి తగ్గలేదని రెండో మాత్ర పెట్టుకుంటారు, అక్కడితో మనిషి స్పృహ తప్పుతాడు, గుండెపోటూ రావచ్చు.

అప్పుడు పక్కనున్నవారు చేయాల్సింది: నోట్లో మాత్ర ఇంకా కరగకుండా ఉంటే ఉమ్మించాలి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి, అంబులెన్స్ పిలవాలి. వచ్చినవారికి మొదటి మాటగా "సిల్డెనాఫిల్ ఇన్ని గంటలకు వేసుకున్నాడు" అని చెప్పాలి. సిగ్గుపడి ఈ ఒక్క మాట దాస్తే, ఛాతీనొప్పి అనగానే వాళ్ళిచ్చే మందుల్లో నైట్రేట్ ఉండవచ్చు. చెబితే అది ఒక్కటీ ఆపి, గుండెపోటుకి మిగతా వైద్యం చేస్తారు. సిల్డెనాఫిల్‌కి విరుగుడు మందు లేదు. సెలైన్, బీపీ పెంచే మందులతో దాని పని అయిపోయేదాకా నెట్టుకురావాలి.

నైట్రేట్ వాడనివారిలో కూడా సిల్డెనాఫిల్ లాంటి మందులు పడనివారున్నారు. గత 6 నెలల్లో గుండెపోటు గానీ, పక్షవాతం గానీ, ప్రాణాంతకమైన గుండె లయ తప్పడం గానీ జరిగినవారు. కూర్చున్నా నొప్పి వచ్చే అస్థిర గుండెనొప్పి ఉన్నవారు. బీపీ 90/50 కంటే తక్కువ, లేదా 170/110 కంటే ఎక్కువ ఉన్నవారు. కంటి నరానికి రక్తం అందక ఒక కంటి చూపు హఠాత్తుగా పోయినవారు, రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్య కంటిజబ్బు ఉన్నవారు కూడా దూరంగా ఉండాలి. ఊపిరితిత్తుల బీపీకి వాడే రియోసిగువాట్‌తో అసలు కలపకూడదు, అదీ అదే కుళాయి తిప్పుతుంది. ప్రోస్టేట్‌కి టాంసులోసిన్ లాంటివి వాడేవారు ముందు ఆ మందు మీద బీపీ నిలకడగా ఉందని చూసుకుని, డాక్టరు చెబితే 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి.

మామూలు బీపీ మాత్రలు వాడేవారంతా సిల్డెనాఫిల్ మానేయాలని మాత్రం రాయకండి, అది తప్పు. ఆమ్లోడిపిన్‌తో కలిస్తే పైది ఇంకో 8 దాకా తగ్గుతుంది, చాలామంది దాన్ని తట్టుకుంటారు. గుండెనొప్పి నిలకడగా ఉన్నవారికి నైట్రేట్ బదులు వేరే మందు పెట్టే వీలుందేమో గుండె డాక్టరు చూడగలరు. ఆ మార్పు ఆయన చేయాలి, మనం కాదు. మూలికల మాత్ర కదా అని వేసుకునేవారికి ఒక మాట: మగతనం పెంచుతామనే అలాంటి మాత్రల్లో పేరు చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్ ఎన్నోసార్లు బయటపడింది. నైట్రేట్ వాడే మనిషి వాటినీ ముట్టకూడదు.

అభ్యాసం. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్, ట్యూబు, ప్యాచ్ బయటపెట్టి, బ్రాండ్ పేరు పక్కన మందు పేరు రాయండి. పాతవి, సగం వాడినవి కూడా. తర్వాత ఈ చీటీకి జవాబు రాయండి, కారణం తొట్టి, కుళాయి, తూము భాషలోనే ఉండాలి: 46 ఏళ్ళ ఆడమనిషి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ ఎక్కువని సిల్డెనాఫిల్ 20 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఏడాదిగా వాడుతోంది. మలద్వారం దగ్గర చీలికకి వేరే డాక్టరు నిన్న ఒక ఆయింట్‌మెంట్ రాశారు. ట్యూబు మీద చిన్నక్షరాల్లో గ్లిసరిల్ ట్రైనైట్రేట్ అని ఉంది. ఆమె ఈ రాత్రి ఏం రాసుకోకూడదు, ఏది తనంతట తాను మానకూడదు, రేపు ఏ డాక్టరుకి ఏమని చెప్పాలి?