డల్లాస్‌లో త్రెడింగ్, గోరింటాకు మొదలుపెట్టే ముందు

పోయిన ఆషాఢంలో డల్లాస్ దగ్గర మా కడప అమ్మాయి గోరింటాకు పెడితే ఒక కస్టమర్ చేయి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆ అమ్మాయి పనితనంలో లోపం లేదు. చవకగా కొన్న నల్ల కోన్‌లో ఉంది. మంచి కోన్ కొనడానికి ఆమె పెట్టిన రేటు సరిపోలేదు.

కడప ఎర్రముక్కపల్లిలో నా పార్లర్‌లో నేర్చుకుని వెళ్లే పిల్లలందరికీ ఒకటే చెబుతుంటాను: రేటు రూపాయల్లో ఆలోచించొద్దు. ఆరు డాలర్లంటే ఇక్కడ అయిదు వందల పైమాటే, కనుబొమ్మలకు అంతకంటే ఎందుకు అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. సెలూన్‌లో కుర్చీ అద్దె, ఇన్సూరెన్స్, సామాను కలిపి వారానికి మూడు వందల డాలర్లు అనుకుందాం. త్రెడింగ్ పది నిమిషాలే, కానీ పలకరింపు, శుభ్రం, డబ్బులు తీసుకోవడం కలిపితే ఇరవై. ఇరవై గంటలు కూర్చుంటే అరవై మంది పడతారు, కొత్తలో సగం వస్తే గొప్ప. ముప్పై మందికి ఆరు చొప్పున నూట ఎనభై. మీ చేతి నుంచే నూట ఇరవై పోయింది. పన్నెండు పెడితే అరవై మిగులుతుంది, అంటే గంటకు మూడు డాలర్లు. పద్దెనిమిది పెడితేనే గంటకు పన్నెండు.

"మనవాళ్లే కదమ్మా, తగ్గించు" అంటారు. తగ్గించకండి. మాల్‌లోని త్రెడింగ్ కుర్చీతో రేటులో పోటీ పడితే ఓడిపోతారు. మీ దగ్గరికి రావాల్సింది సీమంతం, పెళ్లికూతురు గోరింటాకు. దానికి గంటల లెక్కన తీసుకోండి, సగం అడ్వాన్స్ లేకుండా తేదీ ఇవ్వకండి.

2015లో టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడ ఒట్టి త్రెడింగ్‌కు పాత 750 గంటల శిక్షణ షరతు పోయింది. వ్యాక్సింగ్, టింట్‌కు లైసెన్స్ కావాలి. అక్కకు చేస్తున్నా సరే, లైసెన్స్ లేకుండా వద్దు.

నల్ల కోన్ ముట్టుకోవద్దు. అసలు గోరింటాకు తీసేటప్పటికి నారింజ రంగే, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. గంటలో నల్లబడిందంటే అందులో జుట్టు రంగులో వాడే పీపీడీ ఉండవచ్చు, బొబ్బలు దానివల్లే. ఆకు పొడి, నిమ్మరసం, చక్కెరతో మీరే కలపండి. ఫ్రీజర్‌లో పెట్టండి, బయట ఉంచితే రంగు పోతుంది.

పసిపిల్లలకు పెట్టొద్దు. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డకు రక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది.

దారం నోట్లో పట్టకండి, మెడకు కట్టుకోండి. మనిషికో కొత్త దారం.

మొటిమల మాత్రలు వాడుతున్నారేమో అడగండి. వాటిలో కొన్ని వాడేవాళ్లకు వ్యాక్సింగ్, త్రెడింగ్ చేస్తే చర్మం లేచిపోవచ్చు.

డిపెండెంట్ వీసా మీద, పని అనుమతి లేకుండా డబ్బు తీసుకోవద్దు. అపార్ట్‌మెంట్ హాల్లో చేసినా అది పనే.

వాట్సాప్ గ్రూపులో ధర పెట్టాక అడిగినవాళ్లకల్లా తగ్గించొద్దు. రూపాయల్లోకి మార్చొద్దు, ఇంకోసారి చెబుతున్నా.