స్టాటిన్ వాడేవారికి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే: అది పచ్చకామెర్లు కాకపోవచ్చు

నేను పర్లాకిమిడిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఓ రోజు పొద్దున్నే మా మావయ్య ఫోన్ చేశారు. "అల్లుడూ, మూత్రం నల్లగా వస్తోందిరా. కామెర్లనుకుంటా, పసరు తాగుదామని బయల్దేరుతున్నాను." మా వైపు తెలుగువాళ్లు కామెర్లంటారు, ఒడియావాళ్లు కామళ అంటారు. ఎవరైనా మొదట వెళ్లేది పసరు దగ్గరికే.

"మావయ్యా, బయల్దేరకండి. గాజు గ్లాసులో పట్టి వెలుతురులో పెట్టండి, వస్తున్నాను" అన్నాను.

లక్షణం

గ్లాసులో ఉన్నది కామెర్ల రంగు కాదు. కామెర్లలో మూత్రం ముదురు పసుపుగా, ఆవనూనెలా ఉంటుంది, కళ్లు కూడా పచ్చబడతాయి. ఇది పాలు పోయని డికాషన్‌లా ఎర్రగోధుమ రంగులో ఉంది, కళ్లు తెల్లగానే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, ఆయన మంచం మీంచి లేవలేకపోయారు. రెండు చేతులూ ఆనించి, రెండుసార్లు ప్రయత్నించి లేచారు. తొడలు, భుజాలు పట్టుకుంటే నొప్పి. నాలుగు రోజులుగా ఒళ్లునొప్పులని, నిన్న రాత్రి నొప్పి సూది కూడా వేయించుకున్నారట.

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లలో మామూలు ఒళ్లునొప్పులు చాలామందికి వస్తాయి, వాటిలో ఎక్కువ మాత్ర వల్ల కావు కూడా. వాటికి భయపడి మాత్ర మానేయకండి, డాక్టర్‌ని అడగండి. కానీ తీవ్రమైన నీరసం, నల్లని మూత్రం కలిసి వస్తే లెక్క వేరు. అది రాబ్డోమయోలైసిస్ కావచ్చు, అంటే కండరాలు కరిగిపోవడం. చాలా అరుదు. స్టాటిన్ వాడే లక్షమందిలో ఏడాదికి కొద్దిమందికే వస్తుంది.

కారణం

మావయ్యకు మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు. అప్పటినుంచి అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు రోజూ వేసుకుంటున్నారు, ఎప్పుడూ ఇబ్బంది లేదు. మరి ఇప్పుడేం మారింది? మందుల సంచి మంచం మీద బోర్లించాను. దగ్గు, ఛాతీ ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చిన క్లారిత్రోమైసిన్ 500, రోజుకు రెండు, ఎనిమిదో రోజు. స్టెంట్ మాత్రల సంగతి ఆ డాక్టర్‌కి ఈయన చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అటోర్వాస్టాటిన్‌ను కాలేయంలో ఒక ఎంజైమ్ అరగదీస్తుంది. క్లారిత్రోమైసిన్ ఆ ఎంజైమ్‌ను కట్టేస్తుంది. మాత్ర అదే, మోతాదు అదే, రక్తంలో మాత్రం మందు ఎన్నో రెట్లు పేరుకుంటుంది. ఈ రెండూ కలపాల్సి వస్తే అటోర్వాస్టాటిన్ 20 దాటకూడదు. సిమ్వాస్టాటిన్‌తో అయితే అసలు కలపకూడదు. ఎరిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఇట్రాకొనజోల్ కూడా ఇలాంటివే. అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ చాలా తక్కువ.

పగిలిన కండర కణాల నుంచి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ బయటికొచ్చి మూత్రపిండాల్లో అడ్డుపడుతుంది. మూత్రం రంగు దానిదే. నొప్పి సూదుల్లో చాలావాటికి మూత్రపిండాలను దెబ్బతీసే గుణం ఉంది కాబట్టి రాత్రి వేయించుకున్నది ఆ పరిస్థితిలో మంచిది కాదు. ఉద్దానం పక్కనే ఉన్నవాళ్లం, కిడ్నీ పోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పరీక్ష

మూత్రంలో స్ట్రిప్ ముంచితే రక్తం ఉన్నట్టు గట్టిగా రంగు మారింది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఎర్రకణాలు దాదాపు లేవు. ఈ రెండూ కలిసి కనిపిస్తే మయోగ్లోబిన్‌ను అనుమానించాలి. అయితే మయోగ్లోబిన్ త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి మూత్రం తేటబడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

తేల్చేది కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సి.కె. అనే ఎంజైమ్ పరీక్ష. మా దగ్గర సి.పి.కె. అని రాస్తారు. రాసేటప్పుడు "టోటల్" అని స్పష్టంగా ఉండాలి, లేకపోతే గుండెకు చేసే సి.కె.-ఎమ్‌బీ చేసి పంపేస్తారు. మామూలుగా సుమారు 200 లోపు ఉంటుంది. ఐదు రెట్లు దాటితే అనుమానం, 5,000 దాటితే మూత్రపిండాలకు ముప్పు పెరుగుతుంది. నా మిషన్ పరిధి దాటిందని చూపించింది. సీరమ్‌ను పదింతలు పలచన చేసి మళ్లీ పెడితే 18,400 వచ్చింది. సూది వేసినా సి.కె. కొంత పెరుగుతుంది గానీ ఇంత కాదు. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 1.9, అదీ ఎక్కువే.

కాలేయ పరీక్షల్లో ఎస్.జి.ఓ.టి. 412, ఎస్.జి.పి.టి. 118, రెండూ ఎక్కువే. ఈ రెండే చూస్తే ఎవరైనా కాలేయమనే అంటారు. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మాత్రం 0.8, మామూలే. ఎస్.జి.ఓ.టి. కండరాల్లోనూ ఉంటుంది, మోసం అక్కడే.

పరిష్కారం

స్టాటిన్ ఆ రోజే ఆపాలి. క్లారిత్రోమైసిన్‌కి బదులేమిటో డాక్టర్ చూస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం సొంతంగా ఆపకూడదు. సి.కె. రిపోర్టు బరంపురం నుంచి రావాల్సిన ఊళ్లో ఉంటే దానికోసం ఆగకండి, మనిషినే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో నీళ్లు తాగి తగ్గించుకునే జబ్బు కాదిది. అక్కడ సెలైన్ ఎక్కిస్తూ, గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా చూస్తారు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది కాబట్టి ఈసీజీ కూడా తీస్తారు.

మావయ్య సి.కె. రెండో రోజుకి ఇంకాస్త పెరిగి, తర్వాత దిగడం మొదలైంది. ఆరో రోజుకి 2,600. డయాలిసిస్ అవసరం పడలేదు. లేచి నడవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. గుండె డాక్టర్ ముందు స్టాటిన్ కాని కొలెస్టరాల్ మందు ఎజెటిమైబ్ ఇచ్చి, సి.కె. మామూలుకొచ్చాక ఆ ఎంజైమ్ మీద ఆధారపడని రోసువాస్టాటిన్ చిన్న మోతాదులో మొదలుపెట్టారు. ఇప్పుడు నెలకోసారి పరీక్షకు రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా, "సూది కాస్త మెల్లగా గుచ్చరా" అంటారు.