తోలు పాఠాలు – 3: బెల్టు చిల్లులోకి చూడండి

అసలు తోలును వాసనతో గుర్తుపట్టొచ్చని పోయిన పాఠంలో చెప్పాను. దాన్ని నమ్ముకుని బెల్టు కొన్నవాళ్లలో నలుగురు, నాలుగు నెలలు తిరక్కుండానే పైన పొట్టు లేస్తోందని మొత్తుకున్నారు. తప్పు నాదే. వాసన నిజంగా తోలుదే, కానీ సరుకు తోలు కాదు. తోలు తుక్కును పొడిచేసి, జిగురు కలిపి, షీటుగా ఒత్తి, పైన ప్లాస్టిక్ పొర వేస్తారు. దాన్ని బాండెడ్ లెదర్ అంటారు. అందులో తోలు ఉంది కాబట్టి వాసన వస్తుంది. వాసనకు ఇక సగం మార్కులే.

రెక్సిన్‌ను గుర్తుపట్టడం మీకు తెలిసిందే, వదిలేస్తున్నా.

ఇప్పుడు అంచు. అందరూ బెల్టు పక్క అంచు చూస్తారు. అక్కడ రంగు పూసి ఉంటుంది. మంచి తోలుకూ పూస్తారు, చెత్తకూ పూస్తారు. అది చూసి ఏం లాభం? నేను చూసేది చిల్లు. చిల్లు లోపలి గోడకు మామూలుగా రంగు పూయరు. చిల్లు దగ్గర బెల్టు వంచి, ఫోన్ టార్చి వేసి, గుండుసూదితో ఆ గోడను మెల్లగా గీకండి. తోలైతే సన్నని పీచు నూగులా లేస్తుంది, పైనుంచి కిందికి ఎక్కడా గీత గీసినట్టు పొర విడిపోదు. బాండెడ్ అయితే రజను రాలుతుంది. పైన పలచని పొర ఉండి కింద పీచు లేస్తే, అది తోలు అడుగుభాగానికి ప్లాస్టిక్ పూసిన సరుకు. తోలే, కానీ ఆ పొర ఊడుతుంది.

మొన్న కోఠి ఫుట్‌పాత్ మీద ఒకాయన "కాల్చి చూపిస్తా సార్" అంటూ లైటర్ అంటించి, రెండు క్షణాల్లో తీసేశాడు. బెల్టుకు ఏమీ కాలేదు. అంతసేపటికి ప్లాస్టిక్ పొరకూ ఏమీ కాకపోవచ్చు! ఈ నాటకం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చిల్లు గీకాను, సూది మొనకు గోధుమరంగు పొడి అంటింది. "జెన్యూన్ లెదర్ అని ముద్ర ఉంది కదా సార్" అన్నాడు. ముద్ర వేసే అచ్చు కూడా బజార్లో దొరుకుతుంది. వెనకవైపు మాత్రం అసలు తోలేనట. అది కావచ్చు. చాలా బెల్టులు రెండు పొరలవి, అందుకే ఏ పొరకు ఆ పొర విడిగా గీకాలి.

పర్సుకు చిల్లు ఉండదు. కార్డుల అర లోపలికి వేలు పెట్టి, మడతపెట్టని అంచు వెతకండి. అక్కడ బట్ట నేత కనిపిస్తే ఆ అర తోలు కాదు. ఒక్కోసారి అరలన్నీ రెక్సిన్, బయట మాత్రమే తోలు ఉంటుంది.

కుట్టు తోలుకు సాక్ష్యం కాదు, పనితనానికి సాక్ష్యం. కాకపోతే వంచినప్పుడు కుట్టు రంధ్రం చుట్టూ పొర చిట్లుతుంటే మాత్రం పక్కన పెట్టేయండి.

అభ్యాసం: ఇంట్లో పారేసే బెల్టులు, పర్సులు, చెప్పుల పట్టీలు కలిపి ఆరు పోగేయండి. కొత్త బ్లేడుతో ఏటవాలుగా కోసి, ముక్కల్ని అట్ట మీద అంటించి, ఏది ఏమిటో రాయండి. వాసన చూడకుండా.