సరుకు వచ్చింది, బిల్లు తర్వాత వచ్చింది, ఖర్చు రెండుసార్లు పడింది: ఎక్కడ వెతకాలి

సమస్య ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. మార్చిలో సరుకు దిగింది, బిల్లు రాలేదు, కాబట్టి ఖర్చుకి ప్రొవిజన్ పడింది. ఏప్రిల్‌లో బిల్లు వచ్చింది, ఎక్కించారు, డబ్బు కూడా కట్టేశారు. తీరా లెక్క చూస్తే అదే ఖర్చు మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంది.

ముందు రెండు నిమిషాల పని ఒకటి చేయండి. దీన్ని వదిలేసి గంటలు గంటలు వెతికేవాళ్లని చూసి విసుగొచ్చింది. ప్రొవిజన్ చేత్తో వేసిన జర్నల్ అయితే, ఏప్రిల్ 1 తేదీతో దాని రివర్స్ ఎంట్రీ పడిందా? పడకపోతే కారణం అదే, వెతుకులాట అక్కడితో ఆపేయండి. ఇక మీ సాఫ్ట్‌వేర్ గూడ్స్ రిసీట్ వేయగానే తానే ఎంట్రీ వేసేదైతే, నెలాఖరున మళ్లీ మీరు చేత్తో వేశారేమో చూడండి. అలా జరిగితే రెట్టింపు మార్చిలోనే కనిపిస్తుంది.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా ఖర్చు రెండింతలుందంటే, నన్ను చాలాసార్లు ముంచిన కారణం దగ్గరికి వచ్చినట్టే. బిల్లుని పర్చేజ్ ఆర్డర్‌తో ముడిపెట్టకుండా నేరుగా ఖర్చు ఖాతాకి ఎక్కించేశారు.

ఒక లెక్క చూద్దాం. 400 ప్యాకింగ్ పెట్టెలు, ఒక్కోటి 200. మార్చి 28న స్టోర్స్ వాళ్లు రిసీట్ వేశారు. ప్యాకింగ్ ఖర్చు 80,000 డెబిట్, 'బిల్లు రాని సరుకు' ఖాతా 80,000 క్రెడిట్. ఏప్రిల్ 6న బిల్లు వచ్చింది. దాని మీద ఆర్డర్ నంబర్ లేదు. అడగడం ఎందుకని అకౌంట్స్‌లో కొత్తగా చేరినతను ప్యాకింగ్ ఖర్చు డెబిట్, సప్లయర్ క్రెడిట్ అని వేసేశాడు. పడాల్సిన డెబిట్ 'బిల్లు రాని సరుకు' ఖాతాకి.

ఇది ఎందుకు దొరకదంటే, చూసే చోటల్లా అంతా బాగానే ఉంటుంది. సప్లయర్‌కి ఇవ్వాల్సింది ఒక్కసారే ఇచ్చాం, వాళ్ల స్టేట్‌మెంట్‌తో మన లెడ్జర్ పైసాతో సహా కలుస్తుంది. ట్రయల్ బ్యాలెన్స్ కూడా కలుస్తుంది. తప్పు మిగిలేది రెండే చోట్ల. ఖర్చు రెండు నెలలకీ కలిపి 1,60,000 అయింది, 'బిల్లు రాని సరుకు' ఖాతాలో 80,000 క్రెడిట్ కదలకుండా కూర్చుంది.

ఆ ఖాతాలో నిజంగానే ఇంకా బిల్లు రాని మిగతా సరుకు కూడా కలిసి ఉంటుంది. అందుకే మొత్తం బ్యాలెన్స్ చూస్తే ఏమీ తెలియదు, ఆర్డర్ వారీగా విడగొట్టాలి. వచ్చిన సంఖ్య 400, బిల్లైన సంఖ్య సున్నా అని పాత లైన్ ఏదైనా కనిపిస్తే ఆ సప్లయర్ లెడ్జర్ తెరిచి, ఆ తేదీ తర్వాత ఆర్డర్ నంబర్ లేకుండా పడిన బిల్లు కోసం చూడండి. మొత్తం అచ్చంగా కలవకపోవచ్చు, పన్ను, రవాణా కలిసి ఉంటాయి. సంఖ్యనీ ధరనీ పోల్చండి.

దొరికాక, వీలైతే ఆ బిల్లు ఎంట్రీ రద్దు చేసి ఆర్డర్ మీద మళ్లీ ఎక్కించండి. చెల్లింపు అయిపోయి రద్దు కుదరకపోతే, 'బిల్లు రాని సరుకు' 80,000 డెబిట్, ప్యాకింగ్ ఖర్చు 80,000 క్రెడిట్. తేదీ ఏప్రిల్‌దే ఉండాలి, మార్చి ఖర్చు సరైనదే కదా. ఇక్కడ ఇంకో గుంట ఉంది. జర్నల్‌తో లెడ్జర్ సరిపోతుంది గానీ ఆర్డర్ లైన్ ఇంకా తెరిచే ఉంటుంది. దాన్ని మూయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఆ మూసే పనే సర్దుబాటు ఎంట్రీ వేస్తుంది. అలాంటప్పుడు జర్నల్ కూడా వేస్తే ఈసారి ఖర్చు రెండుసార్లు తగ్గిపోతుంది. ముందు ఒక లైన్ మూసి, ఏ ఎంట్రీ పడిందో చూసుకోండి.

పాత క్రెడిట్ కదా అని దాన్ని 'ఇతర ఆదాయం'లోకి తోసేసేవాళ్లున్నారు. నికర లాభం సరిపోతుంది, ప్యాకింగ్ ఖర్చు మాత్రం 1,60,000గానే ఉండిపోతుంది. వచ్చే ఏడాది బడ్జెట్ వేసేవాడు దాన్నే నమ్ముతాడు.

మిగతా కారణాలు అరుదు. చిన్న తేడా మిగిలితే అది ఆర్డర్ ధరకీ బిల్లు ధరకీ మధ్య తేడా, ధర తేడా ఖాతాకి పంపండి. వెనక్కి వచ్చే పన్నుని ప్రొవిజన్‌లో కలిపి ఉంటే తీసేయండి, అది ఖర్చు కాదు. వెతికినా బిల్లే లేకపోతే, సరుకు తిప్పి పంపి రిటర్న్ ఎంట్రీ మర్చిపోయారేమో స్టోర్స్‌ని అడగండి.