మందుల కోర్సు ఏ పూటతో ముగుస్తుందో షాపులోనే లెక్కేసుకోండి

వానలు మొదలయ్యాక జ్వరం, దగ్గు వచ్చి ఆదోనికో, పత్తికొండకో వెళ్లి చూపించుకుంటారు. ఊరికి తిరిగొచ్చాక ఒక మాత్ర తక్కువ పడిందని తెలిస్తే మళ్లీ బస్సెక్కాలి. అందుకే మందుల షాపు వదలకముందే ఈ లెక్క వేసుకోండి.

చీటీ మీద 1-1-1, 7 రోజులు అని రాశారనుకుందాం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. మూడేళ్లు ఇరవై ఒకటి, అంటే 21 మాత్రలు కావాలి. స్ట్రిప్‌కు 10 ఉంటే రెండు స్ట్రిప్పులు చాలవు. మూడో దాంట్లోంచి ఒకటి కత్తిరించి ఇమ్మనండి. ఆ ముక్క మీద మందు పేరు, గడువు తేదీ ఉండకపోవచ్చు, కాబట్టి బిల్లు దాచుకోండి.

ఇప్పుడు తేదీ. ఆగస్టు 12న పొద్దున మొదలుపెడితే 12 కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి 18 రాత్రితో అయిపోతుంది. చాలామంది 12కు 7 కలిపి 19 అనేస్తారు. అయితే డాక్టరు సాయంత్రం చూసి, మొదటి మాత్ర 12 రాత్రి పడితే ఆ రోజుకు ఒక్కటే. 13 నుంచి 18 దాకా ఆరు రోజులకు 18. మొత్తం 19. మిగిలిన రెండూ 19న పొద్దున, మధ్యాహ్నం. అంటే కోర్సు 19 మధ్యాహ్నంతో ముగుస్తుంది. ఆ తేదీ, పూట స్ట్రిప్ వెనక పెన్నుతో రాసేయండి.

మధ్యలో సరిచూసుకోవడానికీ ఇదే లెక్క పనికొస్తుంది. 12 రాత్రి ఒకటి, తర్వాత మూడు రోజులకు తొమ్మిది, కాబట్టి 15 రాత్రికి మొదటి స్ట్రిప్ ఖాళీ కావాలి. అందులో ఇంకా ఒకటి మిగిలిందంటే ఏదో పూట మరిచారన్నమాట. దాన్ని పూడ్చడానికి రెండు ఒకేసారి మింగొద్దు. చివరి మాత్ర ఒక పూట వెనక్కి జరుగుతుంది. ఒకటి కంటే ఎక్కువ మిగిలితే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

స్ట్రిప్ అయిపోయిందంటే కోర్సు అయిపోయినట్టు కాదు. రోజుకు ఒకటి చొప్పున 5 రోజులు రాసిన యాంటీబయాటిక్ 3 మాత్రల స్ట్రిప్‌లో వస్తే, మూడో రోజుకే ఖాళీ అవుతుంది. అప్పటికి జ్వరం తగ్గి ఉంటే ఇక చాలనుకుంటారు. ఇంకా రెండు రోజులది కొనాలి. జ్వరం వస్తేనే వేసుకోమన్న పారాసిటమాల్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకండి, దానికి ముగింపు తేదీ ఉండదు.

పిల్లల పొడి సిరప్‌కు మిల్లీలీటర్లలో లెక్క. 30 మిల్లీలీటర్ల సీసా, పూటకు 5, రోజుకు రెండు పూటలు అంటే 3 రోజులే వస్తుంది. 5 రోజులకు రాస్తే 50 కావాలి, రెండు సీసాలు తీసుకోండి. రెండోది మాత్రం మొదటిది అయిపోయాకే నీళ్లు పోసి కలపండి. కలిపాక ఎన్ని రోజులు వాడొచ్చో లేబుల్ మీద ఉంటుంది. 5 రోజులు పూర్తయ్యాక మిగిలిన 10 మిల్లీలీటర్లు ఇంకో జ్వరానికి దాచకుండా పారేయండి.