కన్సల్టెంట్‌కు ఘాటు మెయిల్ పంపే ముందు జాగ్రత్తలు

మహబూబ్‌నగర్ సైట్‌లో సెంట్రింగ్ అయిపోయి, స్టీల్ డ్రాయింగ్‌కు కన్సల్టెంట్ అప్రూవల్ రాక మేస్త్రీలు ఖాళీగా కూర్చుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మెయిల్ రాయండి, కానీ To గడి ఖాళీగా ఉంచండి.

- ముందు డ్రాయింగ్‌లు పంపిన రిజిస్టర్ తీయండి. మన తప్పుల వల్ల వెనక్కొచ్చి, దిద్ది మళ్లీ పంపిన రోజులను వాళ్ల ఖాతాలో వేయొద్దు. వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

- "మీకెప్పుడూ నిర్లక్ష్యమే" కొట్టేసి తేదీలు పెట్టండి: "మొదటి అంతస్తు స్లాబ్ డ్రాయింగ్ జూన్ 3న ఇచ్చాం. ఒప్పందం ప్రకారం 10వ తేదీలోగా జవాబు రావాలి. 24న వచ్చింది, 14 రోజుల ఆలస్యం. ఇలా జరగడం ఇది మూడోసారి, పట్టిక జతచేశాం."

- మెత్తబడి "పర్లేదు సార్" అని మాత్రం రాయకండి. రేపు గడువు పొడిగింపు అడిగితే ఆ ముక్కే చూపిస్తారు. "ఈ ఆలస్యానికి గడువు పొడిగింపు కోరే హక్కు మాకుంటుంది" అంటే చాలు, అందులో కోపమేమీ లేదు.

- ఒప్పందంలో నోటీసు గడువు చూడండి. ఫిడిక్ 1999 రెడ్ బుక్ అనే అంతర్జాతీయ నమూనా ఒప్పందం ప్రకారమైతే విషయం తెలిసిన 28 రోజుల్లోపు ఇంజనీర్‌కు నోటీసు వెళ్లాలి. మర్యాదగా రాసిన మెయిల్ దానికి బదులు కాకపోవచ్చు.

- క్లయింట్‌కు సీసీ? ఒప్పందం అడిగితేనే.