అర్జీ రాయడం – 7వ పాఠం: ర్యాంప్ అడిగేటప్పుడు కొలత రాయాలి

పోయిన పాఠంలో "వాలు 1:12 ఉండేలా ర్యాంప్ కట్టించమని రాయండి" అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్ళిపోయాను. అంతకన్నా చెప్పేదేముంది అనుకున్నాను. మీరు రాసి పంపిన అర్జీలు చూశాక తప్పు నాదేనని అర్థమైంది. సగం మంది "12 అడుగుల ర్యాంప్" అని రాశారు. కొందరు "12 డిగ్రీల వాలు" అన్నారు. ఒకరైతే "1:12 సైజు ర్యాంప్ ఒకటి" అని కోరారు. ఈ వారం అప్పీలు గురించి చెబుదామనుకున్నాను కానీ అది వచ్చే పాఠానికి వాయిదా. ముందు ఈ ముడి విప్పుకుందాం.

1:12 అంటే పొడవు కాదు, ఎత్తుకీ పొడవుకీ ఉండే లెక్క. ఒక సెంటీమీటరు పైకి ఎక్కాలంటే నేల మీద 12 సెంటీమీటర్ల పొడవు కావాలి. ఎత్తు 18 సెంటీమీటర్లయితే 18ని 12తో గుణించండి. 216, అంటే రెండు మీటర్ల పైన. 12 అడుగుల ర్యాంప్ సరిపోవాలంటే ఎక్కాల్సిన ఎత్తు సరిగ్గా అడుగు ఉండాలి. మీ గేటు దగ్గర అంతే ఉందని ఎవరు చెప్పారు? ఇక 12 డిగ్రీలంటే దాదాపు 1:5. ఆ వాలు మీద వీల్‌చైర్‌ని సొంతంగా తోసుకుంటూ ఎక్కబోతే బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. మనకు కావలసిన 1:12 ఐదు డిగ్రీల లోపే ఉంటుంది.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఒకసారి నేనే దెబ్బతిన్నాను. ఒక ఊళ్ళో బస్ షెల్టర్‌కి ర్యాంప్ కావాలని అర్జీ రాయించాను. "ర్యాంప్ ఏర్పాటు చేయగలరు" అని మాత్రమే రాశాం, కొలత లేదు. రెండు నెలల్లో కట్టేశారు కూడా. షెల్టర్ అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లు, కట్టిన ర్యాంప్ పొడవు మీటరున్నర. ఎక్కేవాళ్ళు లేరు, బైకులు నిలుపుకోవడానికి మాత్రం పనికొచ్చింది. మళ్ళీ వెళ్ళి అడిగితే ఫైలు తీసి చూపించారు. "పని పూర్తయినది" అని రాసి మూసేశారు. మేం అడిగింది ర్యాంప్, వాళ్ళు కట్టింది ర్యాంప్. ఇక ఏమని వాదిస్తాం?

ఎత్తు కొలవడంలో కూడా ఒక మోసం ఉంది. మెట్టు పక్కన టేపు నిలబెట్టి కొలిస్తే చాలదు. ర్యాంప్ కింది కొస రోడ్డు మీద ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచి కొలవాలి. రోడ్డు పల్లంగా ఉంటే రెండు మీటర్ల దూరంలో ఎత్తు ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది, పొడవు అరమీటరు పెరుగుతుంది. మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు దొరికితే ఇబ్బంది లేదు. లేకపోతే తిన్నని కర్ర ఒకటి మెట్టు మీంచి రోడ్డు వైపు అడ్డంగా పట్టుకుని, దాని మీద సగం నీళ్ళున్న సీసా పడుకోబెట్టి మట్టం చూసుకోండి. నేను ఇప్పటికీ సీసాయే వాడతాను.

ఇప్పుడు మీలో ఒక అమ్మాయి పంపిన అర్జీని తీసుకుందాం. తను వీల్‌చైర్‌లో కాలేజీకి వస్తుంది. మొదటి ప్రతిలో "దయార్ద్ర హృదయంతో కరుణించి" అని రాసింది. ఆ మాటలు కొట్టేశాను. బస్ స్టాపుల దగ్గర దివ్యాంగులకు సౌకర్యాలు ఉండాలనీ, రోడ్లు వాళ్ళకు అనుకూలంగా ఉండాలనీ దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 41వ సెక్షన్ చెబుతుంది. చట్టంలో ఉన్నదాన్ని కరుణించమని అడగడం నాకు నచ్చదు. సెక్షన్ ఒక్కసారి రాస్తే చాలు, చట్టం మొత్తం కాపీ కొట్టకండి.

తన కొలతలివి. ఫుట్‌పాత్ రోడ్డు కన్నా 18 సెంటీమీటర్ల ఎత్తు, షెల్టర్ అరుగు రోడ్డు కన్నా 42 సెంటీమీటర్ల ఎత్తు. 42ని 12తో గుణించి ఐదు మీటర్ల ర్యాంప్ రోడ్డు మీదికి కావాలని రాసింది. రోడ్డు మీద ఐదు మీటర్లు ఎవరిస్తారు? కానీ షెల్టర్ ఉన్నది ఫుట్‌పాత్ మీదే. ఫుట్‌పాత్ ఎక్కాక మిగిలిన ఎత్తు 24 సెంటీమీటర్లే. దానికి 2.88 మీటర్లు చాలు, అదీ ఫుట్‌పాత్ పొడుగునా వేయొచ్చు. ఒక పెద్ద ర్యాంప్ బదులు రెండు చిన్నవి. సవరించిన అర్జీ ఇలా వచ్చింది:

మున్సిపల్ కమిషనర్ గారికి,

విషయం: కళాశాల గేటు పక్క ఫుట్‌పాత్‌కు, బస్ షెల్టర్‌కు ర్యాంపుల నిర్మాణం గురించి.

అయ్యా,

నేను ఈ కళాశాలలో బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. వీల్‌చైర్ వాడతాను. ఫుట్‌పాత్ ఎక్కే దారి లేక గేటు నుంచి బస్ షెల్టర్ దాకా 60 మీటర్లు రోజూ రోడ్డు మీదే, బండ్ల మధ్య వెళుతున్నాను.

ఫుట్‌పాత్ మొదట్లో 18 సెం.మీ. ఎత్తుకు 2.16 మీటర్ల ర్యాంప్, ఫుట్‌పాత్ నుంచి షెల్టర్ అరుగుకు 24 సెం.మీ. ఎత్తుకు 2.88 మీటర్ల ర్యాంప్ కట్టించాలని కోరుతున్నాను. రెండింటి వాలు 1:12కి మించకుండా, వెడల్పు కనీసం 1.2 మీటర్లు ఉండాలి. షెల్టర్ ర్యాంప్‌కు రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, పైన బండి తిప్పుకోవడానికి 1.5 మీటర్ల సమతలం కావాలి. బైకులు ఎక్కకుండా షెల్టర్ ముందు పాతిన పైపుల మధ్య ఇప్పుడు 60 సెం.మీ. సందే ఉంది, దాన్ని కనీసం 90 సెం.మీ. చేయాలి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 41 ప్రకారం ఈ సౌకర్యాలు కోరుతున్నాను. పని మొదలుపెట్టే ముందు ఇంజినీర్ గారు స్థలం చూడటానికి వస్తే నేను అక్కడ ఉంటాను.

ఇట్లు,
సంతకం, ఫోన్ నంబరు
జతపరచినవి: కొలత టేపుతో తీసిన ఫొటోలు రెండు

చివరి వాక్యాన్ని తీసేయొద్దు. ఏఈ ఎస్టిమేట్ వేసేటప్పుడు వీల్‌చైర్‌లో మీరు ఎదురుగా ఉంటే ర్యాంప్‌ని కాలువ పలక మీదికి తోసేయడం కష్టం.

ఇంకో సంగతి. ఆ రోడ్డు మున్సిపాలిటీదేనా? రోడ్లు భవనాల శాఖదైతే అర్జీ "మా పరిధి కాదు" అని తిరిగొస్తుంది. కిలోమీటరు రాయి మీద పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. రాయి లేకపోతే మున్సిపల్ ఇంజినీరింగ్ సెక్షన్‌లో అడగండి. అనుమానం ఉంటే ఇద్దరికీ చెరో ప్రతి ఇవ్వండి. బస్సు మెట్ల ఎత్తు, బస్సు అరుగుకి దగ్గరగా ఆగకపోవడం కమిషనర్ చేతిలో ఉండవు. వాటికి ఆర్టీసీ డిపో మేనేజర్‌కి వేరే అర్జీ రాయాలి, ఇందులో కలపొద్దు.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్ళి, మీ దగ్గర ఉంచుకునేదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఇది 2వ పాఠంలోనే చెప్పాను, మళ్ళీ విసిగించను.

అభ్యాసం: మీ కాలేజీ గేటు నుంచి దగ్గరి బస్ స్టాప్ దాకా నడిచి, దారిలో రెండు సెంటీమీటర్లు దాటిన ప్రతి ఎత్తునీ కొలిచి రాసుకోండి. ఒక్కోదానికి ర్యాంప్ పొడవు లెక్కగట్టి, అంత చోటు నిజంగా ఉందో లేదో నేల మీద సుద్దతో గీసి చూడండి. చోటు చాలనిచోట ఏం అడుగుతారో మూడు వాక్యాల్లో రాసి పంపండి. "తగు చర్యలు" అన్న మాట కనబడితే అర్జీ చదవకుండా తిప్పి పంపేస్తాను.